మార్చిలో డీలర్లకు పంపిన విత్తనం ఆగస్టులో తిరిగొస్తుంది: మార్చి 31న రాబడి ఎంత చూపాలి?

గంటస్తంభం నీడ (విజయనగరం)

అందరికీ నమస్కారం. నేను ఒక విత్తన కంపెనీ లెక్కల విభాగంలో పని చేస్తున్నాను. మాది లిస్టయిన కంపెనీకి అనుబంధ సంస్థ కాబట్టి ఇండ్ ఏఎస్ 115 ప్రకారమే రాబడి చూపాలి.

ఖరీఫ్ మొక్కజొన్న సంకర విత్తనం మార్చిలోనే డీలర్లకు పంపేస్తాం. రైతు కొనేది జూన్, జూలైల్లో. డీలరు దగ్గర అమ్ముడుపోని ప్యాకెట్లను ఆగస్టు 31 లోపు డిపోకు తిరిగి ఇవ్వవచ్చు, బిల్లు ధరకే క్రెడిట్ నోట్ ఇస్తాం. ఈ మార్చిలో 19,500 ప్యాకెట్లు వెళ్లాయి. ప్యాకెట్ ధర 1,000 రూపాయలు, మాకు పడిన ఖర్చు 600. వాటిలో 17,000 ప్యాకెట్లు విజయనగరం, పార్వతీపురం, శ్రీకాకుళం వైపు ఉన్న పాత డీలర్లకు, 2,500 ప్యాకెట్లు ఒడిశాలో రాయగడ వైపు ఈ సంవత్సరమే చేరిన కొత్త డీలర్లకు వెళ్లాయి.

అమ్మకాల విభాగం వారు "మన రిటర్నులు ఎప్పుడూ 6 శాతమే, అంతవరకు తగ్గించి మిగతాదంతా రాబడి చూపండి" అంటున్నారు. ఆడిటర్లు వచ్చే వారం వస్తారు. ఆ 6 శాతం మీద నాకు నమ్మకం కలగడం లేదు. ఎక్కడ పట్టుకోవాలో చెప్పండి.

బొబ్బిలి వీణ

నేను సీఏ ఇంటర్ చదువుతున్నాను. ఇది మాకు పాఠంలో ఉంది. 100 ప్యాకెట్లు అమ్మి 6 తిరిగొస్తాయనుకుంటే 94 ప్యాకెట్లకే రాబడి. ఆ 6 ప్యాకెట్ల అమ్మకం ధర వాపసు బాధ్యత అవుతుంది, వాటి ఖర్చు మళ్లీ సరుకు నిల్వలోకి వస్తుంది. రెండింటి తేడాను బ్యాలెన్స్ షీట్లో ఒకే అంకెగా చూపిస్తే సరిపోతుంది. శాతం ఎంతన్నది మేనేజ్‌మెంట్ నిర్ణయం, వాళ్లు 6 అన్నారు కనుక 6 తీసుకోవచ్చు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

వీణ గారి మొదటి సగం సరైనది. రెండో సగంలో మూడు చోట్ల ఆగాలి.

ఒకటి, బాధ్యతనూ తిరిగి రావలసిన సరుకునూ కలిపి ఒకే అంకెగా చూపడానికి వీలు లేదు. వాపసు బాధ్యత అప్పుల వైపు విడిగా, తిరిగి రావలసిన సరుకు మీద హక్కు ఆస్తుల వైపు విడిగా ఉండాలి. రెండు, ఆ ఆస్తి గిడ్డంగిలోని సరుకు నిల్వ కాదు. సరుకు డీలరు కొట్టులో ఉంది, మీ చేతిలో ఉన్నది దాన్ని వెనక్కి తీసుకునే హక్కు మాత్రమే. మూడు, శాతం మేనేజ్‌మెంట్ నోటి మాటతో తేలేది కాదు, పాత లెక్కలు చూపించాలి.

వీటన్నిటికీ ముందు అసలు ఇది అమ్మకమేనా అని తేల్చుకోవాలి. గంటస్తంభం గారూ, డీలరు మీకు డబ్బు ఎప్పుడు కడతాడు? రైతుకు అమ్మిన తర్వాతనా, సరుకు అందగానేనా? సీజన్ మధ్యలో మీ సరుకును వెనక్కి రప్పించి ఇంకో డీలరుకు మళ్లించే హక్కు కంపెనీకి ఉందా? రైతుకు అమ్మితేనే డీలరు బాకీ పడతాడనీ, మీరు కోరినప్పుడు సరుకు తిరిగి ఇచ్చేయాలనీ ఒప్పందంలో ఉంటే అది కన్‌సైన్‌మెంట్ కిందికి వస్తుంది. అప్పుడు మార్చి 31న రాబడి సున్నా, రిటర్నుల అంచనా ప్రశ్నే రాదు.

గంటస్తంభం నీడ

సగం డబ్బు ముందే కడతారు, మిగతాది బిల్లు తేదీ నుంచి 60 రోజుల్లో కట్టాలి. అమ్ముడైనా కాకపోయినా 60 రోజులకు కట్టవలసిందే. రైతుకు ఏ ధరకు అమ్మాలో డీలరే నిర్ణయించుకుంటాడు, ప్యాకెట్ మీద ముద్రించిన ధర దాటకూడదు, అంతే. సరుకు వెనక్కి రప్పించే హక్కు మాకు లేదు, తిరిగి ఇచ్చే హక్కు వాళ్లకే ఉంది.

నాగావళి ఒడ్డు

అలాగయితే అమ్మకమే, తిరిగిచ్చే హక్కుతో కూడిన అమ్మకం. ఇక మీ 6 శాతం ఎలా వచ్చిందో చెప్పండి. దేనిని దేనితో భాగించారు?

పొందూరు నేత

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మాది చిన్న భాగస్వామ్య సంస్థ. ఖాదీ పంచెలు, చీరలు విశాఖ దుకాణాలకు ఇస్తాం. దసరా అయ్యాక మిగిలినవి తిరిగి పంపేస్తారు, అమ్ముడైన వాటికే డబ్బు ఇస్తారు. ఇంతవరకు బిల్లు రాసిన రోజే అమ్మకం రాసుకుంటున్నాం. మేము కూడా ఇలా అంచనా వేసి తగ్గించాలా?

నాగావళి ఒడ్డు

పొందూరు గారూ, మీకు 115 వర్తించదు, మీరు చూడవలసింది ఏఎస్ 9. నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తామనే చిల్లర అమ్మకాలకు ఆ ప్రమాణం ఒక దారి చెప్తుంది: అమ్మకం రాసుకుని, పాత అనుభవాన్ని బట్టి రిటర్నులకు తగిన కేటాయింపు చేయమంటుంది. మీ ఏర్పాటు దానికన్నా భిన్నమైనది. అమ్ముడైన వాటికే డబ్బు అంటున్నారు. అది పేరుకు బిల్లే అయినా సారంలో కన్‌సైన్‌మెంట్‌కు దగ్గరగా ఉంది. అవతలి దుకాణం అమ్మినప్పుడే మీకు అమ్మకం. ఒప్పంద పత్రం ఉంటే మీ ఆడిటరుకు చూపించండి. దీనికి వేరే చర్చ తెరిస్తే మంచిది, ఇక్కడ కలిస్తే రెండూ గందరగోళమవుతాయి.

జీఎస్టీ మిత్ర

అసలు విషయం ఎవరూ చెప్పడం లేదు. మార్చిలోనే అంచనా రిటర్నులకు క్రెడిట్ నోట్ వేసేయండి, అమ్మకమూ తగ్గుతుంది, పన్నూ తగ్గుతుంది. సెక్షన్ 34 ప్రకారం క్రెడిట్ నోట్ ఇచ్చే హక్కు ఉంది కదా.

గంటస్తంభం నీడ

మిత్ర గారూ, మాది విత్తనం. విత్తడానికి పనికొచ్చే నాణ్యత ఉన్న విత్తనానికి జీఎస్టీ లేదు, కాబట్టి మాకు తగ్గే పన్నే లేదు.

నాగావళి ఒడ్డు

పన్ను ఉన్న సరుకయినా ఆ సలహా పనికిరాదు. సెక్షన్ 34 క్రెడిట్ నోట్ సరుకు నిజంగా తిరిగొచ్చినప్పుడు ఇచ్చేది, వస్తుందనుకున్నప్పుడు కాదు. పుస్తకాల్లో రాబడిని తగ్గించి చూపడం వేరు, బిల్లును తగ్గించడం వేరు. మార్చి 31న డీలరు ఖాతాలో ఒక్క రూపాయి కూడా కదలదు, అతని బాకీ బిల్లు ప్రకారమే ఉంటుంది. మనం చేసే సర్దుబాటు మన పుస్తకాల్లోనే ఉంటుంది. అయితే మిత్ర గారు గుర్తు చేసిన దాంట్లో పన్ను ఉన్న వ్యాపారాలకు పనికొచ్చే మాట ఒకటుంది. ఆ క్రెడిట్ నోట్‌తో పన్ను తగ్గించుకోవడానికి ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకు, లేదా వార్షిక రిటర్ను దాఖలు చేసే రోజు వరకు, ఏది ముందయితే అంతవరకే గడువు.

గంటస్తంభం నీడ

6 శాతం లెక్క దొరికింది. గత సంవత్సరం డిపోకు తిరిగొచ్చిన మొత్తం సరుకు విలువను ఆ సంవత్సరం మొత్తం అమ్మకాలతో భాగించారు. వరి, రబీ మొక్కజొన్న, కూరగాయల విత్తనాలు అన్నీ కలిపి. రబీ మొక్కజొన్న అమ్మకం డిసెంబరుకు ముగిసిపోతుంది, దాని రిటర్నుల గడువు ఫిబ్రవరిలో తీరిపోతుంది. అంటే మార్చి 31న తిరిగి రావడానికి అవకాశమే లేని అమ్మకాలు కూడా ఆ భాగహారంలో కింద కూర్చున్నాయి.

ఖరీఫ్ మొక్కజొన్న ఒక్కదాన్నే విడదీసి, ఏ మార్చిలో పంపినదాంట్లోంచి ఆ ఆగస్టులో ఎంత వచ్చిందో పాత డీలర్ల వరకు చూశాను. గత నాలుగు సీజన్లలో 14, 17, 22, 15 శాతం. సగటు 17. ఆ నాలుగుసార్లూ పంపినది 14,000 నుంచి 15,000 ప్యాకెట్ల మధ్య. 22 శాతం వచ్చినది వానలు ఆలస్యమైన సంవత్సరం.

బొబ్బిలి వీణ

అయితే ఇప్పుడు సులువైంది కదా. పాఠంలో రెండు పద్ధతులున్నాయి: అన్ని అవకాశాలకూ బరువులు కట్టి సగటు తీయడం ఒకటి, ఎక్కువగా జరగడానికి వీలున్న ఒక్క అంకెను తీసుకోవడం రెండోది. చాలామంది డీలర్లు, చాలా ప్యాకెట్లు ఉన్నచోట మొదటిదే నప్పుతుంది. 17,000 ప్యాకెట్లలో 17 శాతం అంటే 2,890 తిరిగొస్తాయి. మిగిలిన 14,110 ప్యాకెట్లకు రాబడి.

పాలకొండ విత్తనాలు-ఎరువులు

నేను డీలరును. మీ లెక్కలు నాకు అంతగా తెలియవు కానీ చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది. ఈ మార్చిలో మాకు ఎప్పుడూ లేనంత సరుకు దించారు. మీ కంపెనీ అని అనడం లేదు, ఈ చుట్టుపక్కల రెండు మూడు కంపెనీలదీ ఇదే పద్ధతి. సంవత్సరాంతపు లక్ష్యం ఉంది, తీసుకోండి, మిగిలితే ఆగస్టులో ఎలాగూ వెనక్కి తీసుకుంటాం అంటారు. గోదాములో చోటుంటే మేమూ కాదనం. కానీ మా ఊళ్ల చుట్టూ మొక్కజొన్న వేసే పొలం ఒక్క ఏడాదిలో పెరిగిపోదు. రైతు కొనేది కొంటాడు, అంతే. ఎక్కువ దించిన ప్రతి ప్యాకెట్టూ తిరుగు ప్రయాణమే.

ఇంకో సంగతి. మొలక రాలేదని రైతు గొడవ చేస్తే ఆ నష్టం ఎవరిది? రెండేళ్ల కిందట ఒక కంపెనీ మా డబ్బు సీజన్ దాటినా ఇవ్వలేదు. అది కూడా ఈ లెక్కలోకి వస్తుందా?

నాగావళి ఒడ్డు

ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన మాటల్లో అన్నిటికన్నా విలువైనది పాలకొండ గారు చెప్పినది. గంటస్తంభం గారూ, శాతాలను కాసేపు పక్కన పెట్టి, ప్రతి సీజన్‌లో రైతు చేతికి చేరిన ప్యాకెట్లు ఎన్నో రాయండి. పంపినవాటిలోంచి తిరిగొచ్చినవి తీసేస్తే వచ్చేస్తుంది.

పాలకొండ గారూ, మొలక రాని విత్తనానికి బదులు మంచి విత్తనమో పరిహారమో ఇవ్వడం రిటర్ను కాదు. సరుకులో లోపం ఉంటే తీర్చవలసిన బాధ్యత అది, వారంటీ మాదిరిగా వేరే లెక్కలో వస్తుంది. అమ్ముడుపోక తిరిగొచ్చే మంచి ప్యాకెట్ల గురించే ఇక్కడి చర్చ. మీ డబ్బు ఆలస్యం చేసిన సంగతి బాధాకరమే, కానీ అది ఈ అంచనాలోకి రాదు.

గంటస్తంభం నీడ

రాశాను. నాలుగు సీజన్లలో వరుసగా 12,040, 12,035, 11,700, 12,750. సగటున 12,131. రిటర్నుల శాతం 14 నుంచి 22 దాకా ఊగింది, రైతు కొన్నది మాత్రం 12,000 చుట్టూనే తిరిగింది.

నాగావళి ఒడ్డు

అదే నేను చూడాలనుకున్నది. మీ శాతాలన్నీ 14, 15 వేలు పంపిన సంవత్సరాలవి. ఈసారి అదే డీలర్లకు 17,000 పంపారు. రైతు కొనేది 12,000 దగ్గరే నిలిస్తే తిరిగొచ్చేవి 5,000, అంటే 29 శాతం పైగా. వీణ గారి 2,890 నిజం కావాలంటే రైతులు 14,110 ప్యాకెట్లు కొనాలి. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా 12,750 దాటలేదు.

115లో అంచనా మీద ఒక హద్దు ఉంది. తర్వాత పెద్ద మొత్తంలో వెనక్కి తీసుకోవలసిన అవసరం రాదని చాలా గట్టిగా అనుకోగలిగినంత మేరకే ఇప్పుడు రాబడి చూపాలి. అలాగని భయపడి అడ్డగోలుగా తగ్గించమని కాదు, అది కూడా తప్పే. 14,110కి ఆధారం లేదు, 12,000కు ఉంది. మొక్కజొన్న ధర పెరిగి సాగు పెరుగుతుందనో, పోటీ రకం ఒకటి మార్కెట్లో లేదనో మీ దగ్గర కాగితం ఉంటే చూపండి, అంకె కొంచెం పైకి వెళ్తుంది. లక్ష్యం పెంచాం కాబట్టి అమ్మకం పెరుగుతుందన్న మాటను ఆధారంగా ఒప్పుకోను.

తోటపల్లి కాలువ

నేను విత్తన పరీక్ష ప్రయోగశాలలో పని చేస్తాను. వాపసు వచ్చే సరుకు ఖర్చు 600 అని అందరూ అనుకుంటున్నారు కాబట్టి రాస్తున్నాను.

ఆగస్టులో తిరిగొచ్చే ప్యాకెట్ మార్చిలో వెళ్లిన ప్యాకెట్ కాదు. జూన్ నుంచి ఆగస్టు వరకు కోస్తా తేమలో, రేకుల కప్పు కింద గోదాములో ఉంటుంది. మొక్కజొన్న సంకర విత్తనానికి కనీసం 90 శాతం మొలక రావాలి. లేబుల్ చెల్లుబాటు పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు. తిరిగొచ్చిన ప్రతి లాట్‌నూ మళ్లీ పరీక్షిస్తాం. మొలక నిలిస్తే మళ్లీ లేబుల్ వేసి రబీకి పంపవచ్చు. నిలవకపోతే చాలామంది అనుకునేలా దాన్ని గింజగా అమ్మేయడం కుదరదు. దానికి శిలీంధ్రనాశక మందు పట్టించి, గుర్తుగా రంగు వేసి ఉంటుంది. మనిషి తిండికీ, కోళ్ల మేతకూ, పశువుల దాణాకూ వెళ్లకూడదు. పారవేయవలసిందే.

గంటస్తంభం నీడ

కాలువ గారూ, ధన్యవాదాలు. మా ప్లాంటు రిజిస్టరు చూశాను. వాపసు వచ్చినవాటిలో సుమారు 70 శాతం మళ్లీ పరీక్ష దాటుతున్నాయి, 30 శాతం పోతున్నాయి, అందులో చిరిగిన ప్యాకెట్లు కూడా ఉన్నాయి. డీలర్ల నుంచి డిపోకు తెచ్చుకునే రవాణా ఖర్చు మాదే, ప్యాకెట్‌కు 40 రూపాయలు పడుతోంది. ఇవి కలిపితే లెక్క ఎలా అవుతుంది?

నాగావళి ఒడ్డు

ముందు పాత డీలర్ల 17,000 ప్యాకెట్లు చూద్దాం.

బిల్లుల మొత్తం 1 కోటి 70 లక్షలు. అందులో 5,000 ప్యాకెట్ల ధర 50 లక్షలు వాపసు బాధ్యత. మిగిలిన 1 కోటి 20 లక్షలే రాబడి.

ఇక ఖర్చు. గిడ్డంగి నుంచి బయటికి వెళ్లిన సరుకు ఖర్చు 1 కోటి 2 లక్షలు. తిరిగొచ్చే 5,000 ప్యాకెట్ల ఖర్చు 30 లక్షలు. ఆస్తిని ఇంతకే పెట్టకూడదు. సరుకుకు అంతకుముందు పుస్తకాల్లో ఉన్న విలువలోంచి దాన్ని వెనక్కి తెచ్చుకునే ఖర్చునూ, తిరిగొచ్చే సరుకు విలువలో వచ్చే తగ్గుదలనూ తీసేయాలి. 1,500 ప్యాకెట్లు పనికిరావు, 9 లక్షలు పోయాయి. రవాణా 5,000 ప్యాకెట్లకు 2 లక్షలు. మిగిలేది 19 లక్షలు, ప్యాకెట్‌కు 380 రూపాయలు. అమ్మిన సరుకు ఖర్చు 1 కోటి 2 లక్షల్లోంచి 19 లక్షలు తీస్తే 83 లక్షలు.

రాబడిలోంచి ఖర్చు తీస్తే 37 లక్షల స్థూల లాభం. అంచనా ఏమీ వేయకుండా బిల్లులన్నీ అమ్మకంగా రాసి ఉంటే 68 లక్షలు కనబడేది. వాపసు ప్యాకెట్‌ను 600కే ఆస్తిగా పెట్టి ఉంటే 48 లక్షలు. ఈ 48కీ 37కీ మధ్య ఉన్న 11 లక్షలే తోటపల్లి గారి ప్రయోగశాల చెప్పిన కథ. ఈ నష్టం ఆగస్టులో లారీ వచ్చినప్పుడు పుట్టేది కాదు, అంచనా ప్రకారం మార్చి ఖాతాల్లోనే ఉండాలి.

పారవేయడానికి విడిగా ఖర్చవుతుంటే దాన్నీ చూడండి. మళ్లీ పరీక్షకూ లేబుల్‌కూ అయ్యే ఖర్చును ఇక్కడే తీయాలా, తర్వాత సరుకు నిల్వ విలువ కట్టేటప్పుడు చూడాలా అన్నదాని మీద ఆడిటర్లలో రెండు మాటలున్నాయి. మీ వాళ్లను ముందే అడగండి.

బొబ్బిలి వీణ

ఒక అనుమానం. పాఠంలోని ఉదాహరణల్లో శాతం ఇచ్చేసి ఉంటుంది, తిరిగొచ్చిన సరుకును లాభానికే మళ్లీ అమ్మవచ్చని కూడా రాసి ఉంటుంది. పరీక్షలో అలా వస్తే పూర్తి ఖర్చుకే ఆస్తి పెట్టవచ్చు కదా?

నాగావళి ఒడ్డు

అలా స్పష్టంగా ఇస్తే పెట్టవచ్చు. తెచ్చుకునే ఖర్చు లేదు, విలువ తగ్గదు అని ప్రశ్నలోనే ఉంటుంది కనుక. ఆ రెండు వాక్యాల కోసం ప్రశ్నను వెతకడం అలవాటు చేసుకోండి. పుస్తకాల బట్వాడా, మందులు, విత్తనాలు లాంటి అసలు వ్యాపారాల్లో ఆ రెండు వాక్యాలు దాదాపు ఎప్పుడూ నిజం కావు.

జీఎస్టీ మిత్ర

రాయగడ వైపు 2,500 ప్యాకెట్ల సంగతి వదిలేశారు. వాటికి కూడా అదే 29 శాతం వేసేయండి. లేదా పాత డీలర్ల మొదటి సంవత్సరం లెక్కలు తీయండి. కొత్త డీలరు ఎక్కడైనా కొత్త డీలరే.

నాగావళి ఒడ్డు

29 శాతం వేయడం కుదరదు. అది మన జిల్లాల్లో ఈసారి దించిన సరుకుకూ ఇక్కడి రైతు కొనుగోలుకూ మధ్య ఉన్న తేడా నుంచి వచ్చిన అంకె, రాయగడకు దానితో సంబంధం లేదు. కొత్త ప్రాంతం, కొత్త డీలర్లు, ఆ నేలలో ఈ రకం ఎలా పండుతుందో అక్కడి రైతు చూడలేదు. రిటర్నుల గడువు ముగిసే ఆగస్టు దాకా రాబడి ఏమీ చూపవద్దని నా అభిప్రాయం. 25 లక్షలూ వాపసు బాధ్యతే, ఖర్చు తరఫున ప్యాకెట్‌కు 380 చొప్పున ఆస్తి.

తోటపల్లి కాలువ

380 మాత్రం రాయగడకు సరిపోదేమో మాస్టారూ. అక్కడి నుంచి రవాణా ఎక్కువ. పైగా కొత్త డీలర్ల గోదాములు మేము చూడలేదు, మొలక ఎంత నిలుస్తుందో చెప్పలేం.

జీఎస్టీ మిత్ర

చరిత్ర లేదని రాబడి పూర్తిగా సున్నా చేయడం నాకు అతిగా అనిపిస్తోంది. ఒక్క ప్యాకెట్ కూడా అమ్ముడుపోదని ఎవరూ నమ్మరు కదా. ఆ డీలర్లు ఇతర కంపెనీల మొక్కజొన్న విత్తనం అమ్మిన అనుభవం ఉన్నవాళ్లే అయి ఉంటారు. వాళ్లు సగం డబ్బు ముందే కట్టారు కూడా.

నాగావళి ఒడ్డు

అనుభవం లేనంత మాత్రాన సున్నా చేయమని ప్రమాణం అనదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఎంత అని అడిగితే మీరు ఏ కాగితం చూపిస్తారు? కట్టిన సగం డబ్బు కూడా ఆగస్టులో తిరిగి ఇవ్వవలసినదే. వాళ్లు ఇతర కంపెనీల విత్తనం ఎంత తీసుకుని ఎంత తిరిగిచ్చారో తెలిస్తే నా మాట మార్చుకుంటాను.

పాలకొండ విత్తనాలు-ఎరువులు

గంటస్తంభం గారికి ఒక సూచన. రిటర్నుల రిజిస్టరు చూసేటప్పుడు మార్పిడులను వేరు చేశారా? మేము ఒక్కోసారి చినిగిన ప్యాకెట్ ఇచ్చి అదే రకం మంచిది తీసుకుంటాం. డిపోలో అది కూడా వాపసు కిందే రాస్తారు. ఇంకొకటి, ఆగస్టులో మేము తిరిగిచ్చేవాటిలో ఒక్కోసారి అంతకుముందు సీజన్ లాట్ నంబర్లు కూడా ఉంటాయి. చూసీ చూడనట్టు తీసుకుంటారు.

గంటస్తంభం నీడ

లాట్ నంబర్ల సంగతి మాకు చాలా పనికొస్తుంది. చినిగిన ప్యాకెట్ల మార్పిడి ఈ నాలుగు సీజన్లలో కలిసే ఉంది, వాటిని తీసేస్తే పాత రిటర్నులు కొంత తగ్గుతాయి, రైతు కొన్న ప్యాకెట్లు ఆ మేరకు పెరుగుతాయి. డిపో నుంచి లాట్ వారీ జాబితా అడిగాను.

ఇంకో ప్రశ్న. మా ఖాతాలు బోర్డు ముందుకు మే నెలలో వెళ్తాయి. ఏప్రిల్ చివర డీలర్ల నిల్వల లెక్క వస్తుంది. జూన్‌లో వానలు ఎలా ఉంటాయో తెలుస్తుంది. వీటిలో ఏది మార్చి లెక్కలోకి తీసుకోవాలి?

నాగావళి ఒడ్డు

ఏప్రిల్ నిల్వల లెక్క తీసుకోవాలి. మార్చి 31 నాటికే ఉన్న పరిస్థితిని అది చూపిస్తుంది, డీలర్ల దగ్గర ఎంత పేరుకుపోయి ఉందో బయటపెడుతుంది. ఖాతాలు ఆమోదం పొందేలోపు అది చేతికొస్తే అంచనా సరిదిద్దవలసిందే. జూన్ వానలు తర్వాతి సంవత్సరపు సంగతి.

జూన్ త్రైమాసికంలో అంచనా మళ్లీ చూడాలి. ఉదాహరణకు వానలు వెనకబడి, 5,000 బదులు 6,000 తిరిగొస్తాయని తేలిందనుకోండి. వాపసు బాధ్యత 10 లక్షలు పెరుగుతుంది, ఆ మేరకు ఆ త్రైమాసికపు రాబడి తగ్గుతుంది. ఆస్తి 1,000 ప్యాకెట్లకు 380 చొప్పున 3 లక్షల 80 వేలు పెరుగుతుంది, అమ్మిన సరుకు ఖర్చు అంత తగ్గుతుంది. మార్చి ఖాతాలను తిరగరాయనక్కర లేదు. ఆగస్టు 31 దాటాక మిగిలిన బాధ్యత ఏదైనా ఉంటే రాబడిలోకి వచ్చేస్తుంది. గడువు దాటాక కూడా మీరు సరుకు తీసుకుంటుంటే మాత్రం ఆ ఆగస్టు 31 కాగితం మీది తేదీ మాత్రమే. డీలరుకు మీ అలవాటు తెలుసు, దాన్నే నమ్ముతాడు. పాలకొండ గారు చెప్పిన పాత లాట్ నంబర్ల సంగతిని అందుకే తేలిగ్గా తీసుకోవద్దు.

బొబ్బిలి వీణ

డీలరు ఇంకా కట్టవలసిన సగం డబ్బు బాకీగా ఆస్తుల్లో ఉంటుంది కదా. వాపసు బాధ్యతను ఆ బాకీలోంచి తగ్గించి చూపిస్తే బ్యాలెన్స్ షీట్ చిన్నగా ఉంటుందని మా సీనియరు అన్నారు. అది కుదురుతుందా?

నాగావళి ఒడ్డు

రెండింటినీ పరస్పరం చెల్లువేసుకునే చట్టబద్ధమైన హక్కు ఇప్పుడే ఉండాలి, అలా చెల్లువేసి తేల్చుకునే ఉద్దేశమూ ఉండాలి. డీలరు 60 రోజుల్లో పూర్తిగా కట్టాలి, వాపసు ఆగస్టులో. కాలం కలవడం లేదు. నేనైతే విడివిడిగానే చూపిస్తాను. కొన్ని కంపెనీల ఒప్పందాల్లో చెల్లువేసుకునే షరతు వేరే విధంగా ఉంటుంది, అక్కడ జవాబు మారవచ్చు.

గంటస్తంభం నీడ

లాట్ వారీ జాబితా వచ్చింది. మార్పిడులు తీసేశాక రైతు కొన్నది సీజన్‌కు సగటున 12,400 దాకా పెరిగింది. కానీ నిరుటి ఆగస్టులో తీసుకున్నవాటిలో 300 ప్యాకెట్లు అంతకుముందు సంవత్సరపు లాట్లవి. వాటిని ఏ సీజన్ కింద చూపాలో ఇంకా చూస్తున్నాను. ప్రస్తుతానికి పాత డీలర్లకు 12,000 మీదే ముసాయిదా రాసి, రాయగడ 2,500కు రాబడి సున్నా పెట్టి పంపాను. అమ్మకాల విభాగం 12,400 అడుగుతోంది. ఏప్రిల్ నిల్వల లెక్క వచ్చేదాకా ఆగమన్నాను.

పాలకొండ విత్తనాలు-ఎరువులు

ఆ లెక్కకు డిపో వాళ్లు ఫోన్ చేసి అడిగితే డీలర్లు ఉజ్జాయింపుగా చెప్పేస్తారు. మనిషిని పంపి గోదాములో ప్యాకెట్లు లెక్కపెట్టించండి.